“తగ్గింది” అనే మాట: ఒక నర్సు, ఒక కుటుంబం, ఒక పెద్ద జబ్బు

[దృశ్యం: కోటిపల్లి రేవు. తెల్లవారుజాము. నది దాటించే పంటు మీద భుజాన పాపను వేసుకున్న తండ్రి. వెనక గౌతమి గోదావరి.]

నమస్కారం. ఈరోజు ఒక కథ చెబుతాను. మనుషులు కల్పితం, జబ్బు గురించి చెప్పేదంతా నిజం.

ముక్తేశ్వరం వైపు పల్లెటూరి పాప. ఐదేళ్ళు. ఇంట్లో బుజ్జి అంటారు. మూడు వారాలుగా జ్వరం వస్తోంది, పోతోంది. కాళ్ళు లాగుతున్నాయని నడవనంటోంది. దెబ్బ తగలకుండానే పిక్కల మీద నల్లగా కమిలిన మచ్చలు. ఊళ్ళో టైఫాయిడ్ అన్నారు, మందులిచ్చారు. ఒకరోజు పళ్ళు తోముకుంటుంటే చిగుళ్ళ నుంచి రక్తం ఆగలేదు. అప్పుడు పంటు దాటి కాకినాడ తీసుకొచ్చారు.

రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 5.8. ఆ వయసు పిల్లలకు 11 పైన ఉండాలి. ప్లేట్‌లెట్లు 17,000. కనీసం లక్షన్నర ఉండాల్సినవి. తెల్లకణాలు మాత్రం 42,000, ఉండాల్సిన దానికి మూడు నాలుగు రెట్లు. తుంటి ఎముకలోంచి మూలుగ తీసి పరీక్ష చేశారు. నాలుగో రోజు రిపోర్టు వచ్చింది.

[దృశ్యం: చిన్న గది. డాక్టరు, తల్లి, తండ్రి, పాప మేనమామ.]

డాక్టరుగారిది ఉత్తరాది. హిందీ, ఇంగ్లిష్ వచ్చు, తెలుగు నాలుగైదు మాటలే. పాప మేనమామ డిగ్రీ చదువుతున్నాడు, అందుకని అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని మూడు నిమిషాలు చెప్పారు. అతను అక్కాబావల వైపు తిరిగి ఒక్క ముక్క చెప్పాడు.

“రక్తం తగ్గిందంట బావా. ఎక్కిస్తారంట.”

అతను అబద్ధమాడలేదు. రక్తం తగ్గిన మాట నిజమే. కానీ క్యాన్సర్ అనే మాట పంతొమ్మిదేళ్ళ కుర్రాడి గొంతు దాటలేదు. అక్క మొహంలోకి చూస్తూ ఎవరు చెప్పగలరు? సొంతవాళ్ళ చేత ఇలాంటి కబురు చెప్పించకూడదు అనేది అందుకే. వాళ్ళు తప్పు చెబుతారని కాదు, ఆ బరువు వాళ్ళది కూడా కాబట్టి.

గుమ్మం దగ్గర నిలబడ్డ నర్సు అది విన్నది. అమలాపురం దగ్గరి ఊరు ఆమెది, పిల్లల వార్డులో పన్నెండేళ్ళుగా పనిచేస్తోంది. “సార్, నేను చెబుతాను. మీరు రెండు వాక్యాలు చెప్పి ఆగండి, నేను చెప్పాక మళ్ళీ చెప్పండి” అంది. పాపను ఇంకో సిస్టర్‌తో బొమ్మల దగ్గరికి పంపింది. ఒక స్టూలు లాక్కుని తల్లికి ఎదురుగా కూర్చుంది.

ముందు అడిగింది. “అన్నయ్యగారూ, పాపకి ఏమైందని మీరనుకుంటున్నారు?”

“టైఫాయిడ్ ముదిరిందనుకుంటున్నామండి.”

“టైఫాయిడ్ కాదండి. డాక్టరుగారు చెప్పింది చాలా పెద్ద జబ్బు పేరు. చెప్పమంటారా?”

తండ్రి తలూపాడు.

“బ్లడ్ క్యాన్సరండి. లుకేమియా అంటారు.”

ఆ తర్వాత ఆమె ఏమీ మాట్లాడలేదు. తల్లి కొంగు నోట్లో కుక్కుకుంది. మనకి అలాంటప్పుడు ఏదో ఒకటి అనేసి ఓదార్చాలనిపిస్తుంది. కానీ ఆ నిమిషంలో చెప్పేది ఏదీ చెవికెక్కదు. నర్సు ఆగింది.

చివరికి తల్లి అడిగింది. “ఎన్నాళ్ళుంటదండీ నా బిడ్డ?”

పన్నెండేళ్ళ అనుభవంలో ఆమెకు జవాబు తెలుసు. అయినా తనంతట తాను చెప్పలేదు. ఆ ప్రశ్నను ఉన్నదున్నట్టు డాక్టరుగారికి చేరవేసింది. ఆయన జవాబును అలాగే తెచ్చి తల్లి ముందు పెట్టింది. “పిల్లల్లో ఎక్కువగా వచ్చే రకమేనంట ఇది. పూర్తిగా నయం చేద్దామనే మొదలుపెడుతున్నామంటున్నారు. ఇలాంటి పిల్లల్లో వైద్యం చివరిదాకా చేయించుకున్నవాళ్ళు ఎక్కువమంది బతుకుతున్నారంట. మాట మాత్రం ఇవ్వలేనంటున్నారు.” ఆ ఆఖరి వాక్యం మింగేయడం తేలిక. ఆమె మింగలేదు.

[దృశ్యం: నారుమడి. తర్వాత చేను. పైరులో ఒకటి రెండు మొక్కలు పొడుగ్గా.]

ఇప్పుడు జబ్బు ఏమిటో చెప్పాలి. తండ్రి మూడెకరాల కౌలు రైతు. సార్వా, దాళ్వా రెండూ వరే.

“కూరలో మూలుగ ఎముక ఉంటది చూశారా? మన ఎముకల్లోనూ ఆ మూలుగే. రక్తానికి అదే నారుమడి. ఎర్రకణాలు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు అన్నీ అక్కడే మొలిచి ఒంట్లోకొస్తాయి. ఇప్పుడు పాప నారుమడిలో ఊద పడిందనుకోండి. చూడటానికి నారులాగే ఉంటది, పనికి రాదు. మడంతా అదే కమ్మేసింది, అసలు నారుకి చోటు లేదు. అందుకే రక్తం తగ్గింది, మచ్చలొచ్చాయి, జ్వరం వదలట్లేదు. రిపోర్టులో తెల్లకణాలు ఎక్కువున్నాయంటే బలం కాదండి, అది ఊదే.”

తండ్రికి వెంటనే అర్థమైంది. కానీ తల్లికి వేరే అర్థమైంది. “ఊద గింజ కాలవ నీళ్ళలో కొట్టుకొస్తది కదండీ. మా పాపకి ఎక్కడినుంచి వచ్చింది? ఎవరింట్లో ఏం తినిపించాం?”

పోలికకు ఒక హద్దు ఉంటుంది. అది దాటాక సాయం చేయదు, హాని చేస్తుంది. నర్సు అక్కడే ఆపింది. “అక్కడ నేను చెప్పింది సరిపోదమ్మా. ఇది బయటినుంచి రాలేదు, తిండి వల్ల రాలేదు, ఒకరినుంచి ఒకరికి అంటదు. మీ చిన్నోడికి అంటదు. పాప సొంత కణమే ఒకటి దారి తప్పింది.”

తండ్రి నెమ్మదిగా అన్నాడు. “అయితే ఊద కాదండి, కేళీ.”

మన విత్తనంలోంచే మొలిచి, మన పైరులా ఉండకుండా పోయే మొక్కను కేళీ అంటారు. నర్సు పోలిక కంటే ఆయన మాటే సరైనది. అప్పటినుంచి ఆమె కూడా కేళీ అనే చెప్పింది.

వైద్యం మొదటి దశ నాలుగైదు వారాలు. నరంలోకి ఇంజెక్షన్లు, స్టెరాయిడ్ మాత్రలు, వెన్నులోకి మందు. ఈ మందులకు మంచి కణాలూ పడిపోతాయి, జుట్టు ఊడుతుంది, ఒంట్లో కాపలా ఉండదు. డాక్టరుగారు గట్టిగా చెప్పిన మాట జ్వరం గురించి. 100.4 డిగ్రీలు దాటితే పారాసెటమాల్ వేసి తెల్లారేదాకా చూడకూడదు, గంటలోపు ఆసుపత్రిలో ఉండాలి. ఊళ్ళో కండలోకి ఇంజెక్షన్ చేయించకూడదు, ప్లేట్‌లెట్లు లేనప్పుడు సూది గుచ్చిన చోట లోపల రక్తం ఆగదు.

నర్సు ఇదంతా తెలుగులో చెప్పి, తండ్రిని అడిగింది. “రాత్రి పంటు ఎన్నింటికి ఆగిపోద్దండి?” ఆయన జవాబు విని, డాక్టరుగారికి ఇంగ్లిష్‌లో చెప్పింది, ఈ కుటుంబం రాత్రిపూట గంటలో రాలేదని. ఆయనకు రేవు సంగతి తెలియదు. అప్పటికప్పుడు మాట మార్చారు. కణాలు పుంజుకునేదాకా నది దాటి వెళ్ళొద్దు, ఆసుపత్రికి దగ్గర్లో గది తీసుకోండి అని. మాట అటునుంచి ఇటే కాదు, ఇటునుంచి అటు కూడా వెళ్ళాలి. నాకు ఈ కథలో అన్నిటికంటే విలువైన ఘట్టం ఇదే అనిపిస్తుంది.

[దృశ్యం: నెల తర్వాత. గుండుతో పాప, స్టెరాయిడ్ వల్ల ఉబ్బిన బుగ్గలు. అన్నం ఇంకా పెట్టమంటోంది.]

నెల గడిచింది. మళ్ళీ మూలుగ పరీక్ష. డాక్టరుగారు నవ్వుతూ వచ్చి “రెమిషన్” అన్నారు. మేనమామ ఎగిరి గంతేశాడు. “తగ్గిపోయింది బావా!”

ఇక్కడ మన భాషలో ఒక ఇబ్బంది ఉంది. “జ్వరం తగ్గింది” అంటే పోయిందనే అర్థం. “ధర తగ్గింది” అంటే ఇంకా కొంత ఉందని. ఒకే మాట. జబ్బు తగ్గిందంటే ఇంటిల్లిపాదీ పోయిందనే వింటారు. పిల్ల ఆడుకుంటోంది, రంగు వచ్చింది, ఇంక మందులెందుకు, మొక్కు తీర్చుకుని ఊరెళ్దాం అనుకుంటారు. మధ్యలో ఆపేసిన వైద్యం మన దేశంలో ఎందరో పిల్లల ప్రాణం తీసింది. చాలామంది డబ్బు లేక, దూరాభారం వల్ల ఆపుతారు. కొందరు ఈ ఒక్క మాట వల్ల ఆపుతారు.

రెమిషన్ అంటే ఏమిటో లెక్కలో చూద్దాం. జబ్బు బయటపడే రోజుకు ఒంట్లో చెడ్డ కణాలు లక్ష కోట్ల దాకా ఉంటాయి. మైక్రోస్కోప్ కింద మూలుగలో నూటికి అయిదు కంటే తక్కువ కనిపిస్తే రెమిషన్ అంటారు. అప్పటికి కూడా ఒంట్లో వెయ్యి కోట్ల దాకా మిగిలి ఉండొచ్చు. ఎమ్మార్డీ అనే పరీక్ష పదివేల కణాల్లో ఒక్కటి ఉన్నా పట్టుకుంటుంది. అందులోనూ కనిపించలేదంటే చాలా మంచి కబురు, అయినా సున్నా అని కాదు.

ఇది మొదట తెలిసింది కూడా చేదుగానే. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో పరిశోధనకు పెద్దగా ఉండగా, ఆయన బృందం అమినోప్టెరిన్ అనే మందు తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా పిల్లలకు ఇచ్చి 1948లో ఫలితాలు ప్రకటించారు. పదహారు మందిలో పదిమందికి మెరుగైంది. మంచం పట్టిన పిల్లలు లేచి తిరిగారు. కానీ ఆ మెరుగు నిలవలేదు, జబ్బు తిరగబెట్టింది. ఒక్క మందు చాలదని, కనిపించకుండా పోయాక కూడా ఏళ్ళ తరబడి మందులు వాడాలని ఆ తర్వాతి వైద్యులు నేర్చుకున్నారు. బుజ్జి ఇంటిదగ్గర వాడబోయే మెథోట్రెక్సేట్ కూడా ఆ ప్రయోగశాల మందే.

నర్సు మేనమామ భుజం తట్టి కూర్చోబెట్టింది. “తగ్గిందనకు బాబూ. కనపడట్లేదు అను.” మిగతాది తల్లిదండ్రులకు చెప్పింది. ఇంకా రెండేళ్ళ పైన వైద్యం ఉంది. ముందు కొన్ని నెలలు ఇంజెక్షన్లు, తర్వాత ఇంట్లో మాత్రలు. ఒక మాత్ర రోజూ, మెథోట్రెక్సేట్ మాత్రం వారానికి ఒక్కసారే. “ఇది రోజూ వేస్తే ప్రాణం మీదికి వస్తదమ్మా. ఏ వారం వేస్తారు?” తల్లి గురువారం అంది. కవరు మీద పెద్ద అక్షరాలతో ఆమె చేతే రాయించింది.

“అర్థమైందా” అని మాత్రం అడగలేదు. అడిగితే ఎవరైనా ఆయ్ అంటారు. “ఇప్పుడు ఇంటికి ఫోన్ చేసి మామ్మగారికి ఏం చెబుతారో, నా ముందు చెప్పండి” అంది.

[దృశ్యం: ఆసుపత్రి వరండా. తండ్రి చెవి దగ్గర ఫోను. నర్సు పక్కనే నిలబడి ఉంది.]

“అమ్మా... ఆఁ, బాగానే ఉంది, అన్నం తింటంది. కాదమ్మా, పోలేదు. కేళీలు పైకి కనపట్లేదంతే. గింజ రాలి నేల్లో ఉంటది కదా, మళ్ళీ మొలుస్తది. రెండేళ్ళు ఏరుకుంటా ఉండాలి... లేదమ్మా, మొక్కు ఇప్పుడే వద్దు. జ్వరమొస్తే పంటు దాటలేం. ఇక్కడే ఉంటాం.”