నలభై నిమిషాలు మింగే చుక్క

అధ్యక్షులకు, వేదికపై ఉన్న పెద్దలకు, సహోద్యోగులకు నమస్కారాలు. హాజరు పుస్తకాల నిర్వహణ గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. అది చాలా విస్తారమైన విషయం. ఇన్నేళ్లుగా నాలోనే ఉంచుకున్న ఒక్క కూడికను మీ ముందు పెట్టాలని వచ్చాను కనుక, మిగతా సంగతులను పక్కన పెడుతున్నందుకు మన్నించండి.

ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో, ఒక్కొక్కరు వారంలో ఎన్ని గంటలు పనిచేశారో కూడి పై అధికారికి పంపడం నా బాధ్యతగా ఉండేది. మాకు ఇచ్చిన పట్టీలో పని సమయానికి ఒకే గడి ఉండేది. ఏడు గంటల నలభై ఐదు నిమిషాలను అందరూ 7.45 అని రాసేవారు, నేనూ అలాగే రాసేవాడిని. గంటలకూ నిమిషాలకూ మధ్య పెట్టిన ఆ చుక్కను కంటితో చూసినప్పుడు ఏ ఇబ్బందీ లేదు. ఆ అంకెలను క్యాలిక్యులేటర్‌లో నొక్కిన క్షణంలోనే దాని అర్థం మారిపోతుంది. మనం గీత గీసినట్లు వేరుచేయడానికి పెట్టిన గుర్తును యంత్రం దశాంశ బిందువుగా తీసుకుంటుంది.

ఒక వారం ఒక సహోద్యోగి లెక్క ఇలా ఉంది: 7.45, 8.20, 7.50, 8.35, 7.40, 8.25. నేను ఆరింటినీ వరుసగా నొక్కాను, 47.15 వచ్చింది. నలభై ఏడు గంటల పదిహేను నిమిషాలని రాసి పంపాను. మరునాడు ఆయన చిన్న కాగితం పట్టుకుని వచ్చి, తన లెక్క ప్రకారం నలభై ఎనిమిది గంటల ముప్పై ఐదు నిమిషాలు రావాలని అన్నారు. క్యాలిక్యులేటర్ తప్పు చేయదని చెప్పి పంపించేశాను. ఆ మాట అన్నందుకు ఈనాటికీ బాధపడుతున్నాను, ఎందుకంటే ఆయన లెక్క సరైనది, నాది తప్పు.

ఆయన నిమిషాలను కూడనే లేదు. రోజుకు ఎనిమిది గంటలని పెట్టుకుని, ఏ రోజు ఎంత తగ్గింది, ఏ రోజు ఎంత పెరిగింది అని చూశారు. మూడు రోజుల్లో పదిహేను, పది, ఇరవై నిమిషాల చొప్పున మొత్తం నలభై ఐదు తగ్గాయి. మిగిలిన మూడు రోజుల్లో ఇరవై, ముప్పై ఐదు, ఇరవై ఐదు చొప్పున ఎనభై పెరిగాయి. తగ్గినవి తీసేస్తే ముప్పై ఐదు నిమిషాలు ఎక్కువే ఉన్నాయి. ఆరు రోజులకు ఎనిమిది చొప్పున నలభై ఎనిమిది గంటలు, దానిపైన ముప్పై ఐదు నిమిషాలు. ఈ లెక్కలో ఎక్కడా అరవైతో భాగించే పనే పడలేదు, అందుకే తప్పు దొర్లే అవకాశమూ తక్కువ. రోజువారీ సమయాలు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నప్పుడు మొత్తాన్ని సరిచూసుకోవడానికి ఇంతకన్నా మంచి పద్ధతి నాకు తెలియదు.

ఇప్పుడు క్యాలిక్యులేటర్ ఏం చేసిందో దయచేసి నాతో పాటు చూడండి. మొదటి రెండు కూడినప్పుడు తెర మీద 15.65 కనిపించింది. గడియారంలో అరవై ఐదో నిమిషం ఉండదు కదా, అక్కడే నేను ఆగి ఉండాలి. మూడోది కూడగానే అది 23.15 అయింది. అరవై ఐదూ యాభై కలిపితే నూట పదిహేను నిమిషాలు. యంత్రం అందులో వందను ఒక గంటగా మార్చి ఎడమ పక్కకు పంపి, పదిహేనును మాత్రం మిగిల్చింది. గంటకు అరవై నిమిషాలే తీసుకోవలసిన చోట వంద తీసుకుంది, అంటే నలభై నిమిషాలు ఎక్కువ మింగింది. నాలుగోది కూడితే 31.50, ఐదోది కూడితే 38.90, అంటే మళ్ళీ గడియారంలో లేని నిమిషం. చివరిది కూడేసరికి ఇంకొక వంద దాటి 47.15 దగ్గర ఆగింది. రెండుసార్లు వంద దాటింది, ప్రతిసారీ నలభై చొప్పున ఎనభై నిమిషాలు పోయాయి. ఆయన కాగితానికీ నా పట్టీకీ మధ్య ఉన్న తేడా సరిగ్గా అదే, ఒక గంట ఇరవై నిమిషాలు.

ఈ తప్పు ఎందుకు అంత కాలం దొరకలేదో కూడా చెప్పాలి. నిమిషాల మొత్తం అరవైకి లోపు ఉన్నంతవరకు చుక్క పద్ధతి సరైన జవాబే ఇస్తుంది. 2.10కి 3.20 కలిపితే 5.30 వస్తుంది, అది నిజమే. అలాంటి చిన్న కూడికలు సరిపోతూ రావడంతో మనకు నమ్మకం కుదురుతుంది. మొత్తం అరవైకీ తొంభై తొమ్మిదికీ మధ్య ఉంటే చుక్క తరువాతి అంకె తప్పును తానే బయటపెడుతుంది. వంద దాటిన తరువాత మళ్ళీ పదిహేను, ఇరవై వంటి మామూలు అంకెలు కనిపిస్తాయి కనుక ఎవరికీ అనుమానం రాదు. ఆఖరి జవాబును మాత్రమే చూసేవారికి ఇది ఎన్నటికీ తెలియదు.

సరైన పద్ధతికి తెలివితేటలతో పనిలేదు, ఓపిక చాలు. గంటలను విడిగా కూడండి: ఏడు, ఎనిమిది, ఏడు, ఎనిమిది, ఏడు, ఎనిమిది, మొత్తం నలభై ఐదు. నిమిషాలను విడిగా కూడండి: నలభై ఐదు, ఇరవై, యాభై, ముప్పై ఐదు, నలభై, ఇరవై ఐదు, మొత్తం 215. రెండు వందల పదిహేనులో అరవై మూడుసార్లు పోతుంది, ముప్పై ఐదు మిగులుతుంది. ఆ మూడును గంటల వరుసలో కలిపితే నలభై ఎనిమిది, మిగిలిన ముప్పై ఐదు నిమిషాల వరుసలోనే ఉంటుంది. ప్రతి అడుగులోనూ మార్చుకుంటూ పోవడం కన్నా నిమిషాలన్నిటినీ కూడిన తరువాత ఒక్కసారే అరవైతో భాగించడం మేలు, ఎందుకంటే ఎన్నిసార్లు మార్చామో గుర్తుంచుకునే భారం ఉండదు.

ఇప్పుడు మనమంతా కంప్యూటర్ పట్టికలే వాడుతున్నాం కదా, ఆ చింత తీరిందని కొందరు అనవచ్చు. ఎక్సెల్‌లో 7:45 అని రెండు చుక్కలతో రాస్తే అది సమయంగా గుర్తిస్తుంది, కూడిక కూడా సరిగ్గానే చేస్తుంది. అయితే మొత్తం ఉన్న గడికి `h:mm` అనే రూపం ఉంటే, ఇరవై నాలుగు గంటలు నిండిన ప్రతిసారీ దాన్ని ఒక రోజుగా లెక్కించి చూపడం మానేస్తుంది. మన లెక్కలోని నలభై ఎనిమిది గంటలు సరిగ్గా రెండు రోజులు కనుక తెర మీద 0:35 మాత్రమే మిగులుతుంది. లోపల విలువ చెడలేదు, కనిపించడం లేదంతే. ఆ గడి రూపాన్ని `[h]:mm` అని మార్చగానే 48:35 కనిపిస్తుంది. ఒంటి చుక్కతో 7.45 అని రాస్తే మాత్రం అది మామూలు సంఖ్యగానే మిగిలి, నా పాత క్యాలిక్యులేటర్ చేసిన పనే మళ్ళీ చేస్తుంది.

ఆ సహోద్యోగికి ఆ వారం లెక్కను తరువాత సరిచేశాను. అంతకు ముందరి వారాలలో ఎవరెవరికి ఎన్నెన్ని నలభైలు పోయాయో తిరిగి లెక్కించడానికి పాత పట్టీలు నాకు దొరకలేదు.

ఈ రోజు మీ అందరికీ పంచిన కొత్త హాజరు పట్టీ నమూనాను ఒకసారి చేతిలోకి తీసుకోండి. కుడి చివర ‘పని సమయం’ అనే గడి ఇందులోనూ ఒక్కటే ఉంది. అచ్చుకు పంపేముందు ఆ గడి మధ్యలో నిలువుగా ఒక గీత గీయించి, ఎడమ వైపు ‘గంటలు’, కుడి వైపు ‘నిమిషాలు’ అని వేయించమని అధ్యక్షులను ఈ సభ ఎదుట కోరుతున్నాను.