నల్లదాన్ని ఎవరు తీసుకెళ్తారు?

వేదిక మీదున్న పెద్దలకు, హెడ్మాస్టరు గారికి, టీచర్లకు నమస్కారం. పిల్లలు ఎండలో కూర్చున్నారు కాబట్టి పేరుపేరునా చెప్పడం లేదు, ఏమీ అనుకోకండి.

ఈరోజు సెప్టెంబరు 28, ప్రపంచ రేబిస్ దినం. కుక్క కరిస్తే ఏం చేయాలో చెప్పమని నన్ను పిలిచారు. ముందు అది చెప్పేస్తాను. కరిచిన చోట సబ్బు రాసి, కొళాయి ధార కింద 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం అద్దకూడదు. ఆ రోజే ఆస్పత్రికి వెళ్లి సూది వేయించుకోవాలి. తిడతారని ఇంట్లో దాచకండి నాయనా, దాచితే ప్రాణం పోతుంది.

ఇందాక గేటు దగ్గర ఒక బాబు నన్నడిగాడు, "సార్, హస్కీ కుక్కపిల్ల ఎంతుంటుంది?" అని. నేను 31 ఏళ్లు పశువుల ఆస్పత్రిలో కాంపౌండర్‌గా చేశాను. ఆ ప్రశ్న విన్నప్పుడల్లా నాకు మా బబ్లూ గుర్తొస్తుంది.

మా పాప ఏడో తరగతిలో ఉండగా పగ్ కావాలని పట్టుబట్టింది. చెన్నై నుంచి 14 వేలు పెట్టి తెప్పించాను. ముఖం చప్పిడిగా, ముద్దుగా ఉండేది. రాత్రిళ్లు గురక పెడుతుంటే ఇంటిల్లిపాదీ నవ్వుకునేవాళ్లం. అది గురక కాదమ్మా, ఊపిరాడక పడే అవస్థ. మనకు పట్టినట్టు కుక్కకు ఒళ్లంతా చెమట పట్టదు. నోరు తెరిచి, నాలుక చాపి రొప్పితేనే దాని ఒంట్లో వేడి బయటికి పోతుంది. పగ్‌కి ముక్కు రంధ్రాలు ఇరుకు, అంగిలి వెనకభాగం గొంతుకు అడ్డంగా వేలాడుతుంది. రొప్పినా గాలి చాలినంత ఆడదు. రొప్పేకొద్దీ గొంతు వాచి, ఉన్న దారి కూడా మూసుకుపోతుంది.

రోహిణి కార్తె. కందుకూరులో మధ్యాహ్నం కరెంటు పోయింది. నేను డ్యూటీలో ఉన్నాను. పాప ఫోన్ చేసి, "నాన్నా, బబ్లూ నాలుక నీలంగా అయిపోయింది" అంది. వెళ్లేసరికి గచ్చు మీద పక్కకు పడి ఉంది, నోట్లోంచి జిగురు కారుతోంది. థర్మామీటరు పెడితే 107 చూపించింది. కుక్కకు మామూలుగా 101, 102 ఉంటుంది. తడిపాం, విసిరాం, ఆటోలో వేసుకుని పరిగెత్తాం. సాయంత్రం అయిదింటికి పోయింది. చదువుకున్న విద్య నాది, తెచ్చింది నేను. మా పాప నెల రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

మన ఒంగోలు జాతి పశువులు వేడికి తట్టుకుంటాయని 19వ శతాబ్దంలోనే బ్రెజిల్ వాళ్లు ఓడల్లో తీసుకెళ్లారు. అక్కడ ఆ జాతిని ఈనాటికీ మన నెల్లూరు పేరుతోనే 'నెలోర్' అంటారు. మనమేమో సైబీరియా మంచులో బండ్లు లాగే హస్కీని, ఒంటి నిండా రెండు పొరల బొచ్చుతో ఉన్నదాన్ని, మే నెల ఎండలోకి తెస్తున్నాం. నాకు కడుపు మండేది ఇక్కడే.

ఆ తర్వాత మార్కెట్ వెనకనుంచి ఒక ఊరకుక్క పిల్లను తెచ్చుకున్నాం. కర్రోడని పేరు పెట్టాం. 13 ఏళ్లు బతికాడు. ఎండ ముదిరితే తొట్టి పక్కన తడిమట్టి గోక్కుని పడుకునేవాడు. ఎవరూ నేర్పలేదు.

అయితే ఊరకుక్కకు రోగాలే రావని అనుకోకండి. పార్వో వస్తే అదీ చస్తుంది. తిండి మానేసి, వాంతులు చేసుకుని, నీచువాసనతో రక్త విరేచనాలు అయితే ఆ రోజే ఆస్పత్రికి తేవాలి, తెల్లారేదాకా ఆగకూడదు. అందుకే ఎనిమిది వారాలు తల్లి దగ్గరే ఉండనివ్వండి. పిల్లను తెచ్చుకోగానే ఏలికపాముల మందు పట్టించి, పార్వో టీకా మొదటి డోసు వేయించాలి. తర్వాత మూడు నాలుగు వారాలకోసారి, నాలుగు నెలల వయసొచ్చేదాకా మళ్లీ వేయించాలి. మూడు నెలలకు రేబిస్ టీకా, తర్వాత ఏటా. డోసులు పూర్తయ్యేదాకా వీధిలో వదలొద్దు. ఆరు నెలలు దాటాక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలి. ఆడ కుక్కపిల్లల్ని ఎవరూ తీసుకోరు, ఈనుతుందని భయం. ఆ భయానికే ఎన్నో ఆడ కుక్కపిల్లలు గోతాంలో కాలవగట్టుకు చేరడం కళ్లారా చూశాను.

టైమైందని సారు సైగ చేస్తున్నారు, ఒక్క నిమిషం. మా సందులో వేపచెట్టు కింద నాలుగు పిల్లలున్నాయి. ఆగస్టు మొదటివారంలో పుట్టాయి, ఇప్పటికి ఎనిమిది వారాలు. రెండు ఎర్రవి, ఒకటి మచ్చలది, ఒకటి నల్లది. నల్లది ఆడది. మీ అంతట మీరు వెళ్లి ఎత్తుకోకండి, తల్లి కరుస్తుంది. అమ్మానాన్న ఒప్పుకుంటేనే, ఆదివారం పొద్దున వాళ్లను వెంటబెట్టుకుని రండి. తల్లికి అన్నం పెట్టి పక్కకు తీసుకెళ్తాను. మొదటి టీకా డబ్బులు నేనే పెట్టుకుంటాను. హస్కీ అడిగిన బాబు ఎక్కడున్నావు నాయనా? నువ్వు ముందు రా, నల్లదాన్ని చూద్దువుగాని.