పెద్దకర్మ అయిపోయాక వచ్చే రాత్రులు

అధ్యక్షులవారికి, కార్యదర్శిగారికి, పెద్దలందరికీ నమస్కారం. షుగర్ ఉన్నవాళ్లు పాదాలు ఎలా కాపాడుకోవాలో చెప్పమని నన్ను పిలిచారు. అది వచ్చే నెల చెబుతాను, క్షమించండి. ఇందాక మన సంఘంలో కాలం చేసిన ఇద్దరు సభ్యుల కోసం మౌనం పాటించాం. ఆ రెండు ఇళ్లలో మిగిలినవాళ్లకు ఈ రాత్రి నిద్ర ఎలా పడుతుందన్నదే అప్పటినుంచి నా మనసులో ఉంది. దాని గురించే మాట్లాడతాను.

చావు జరిగిన ఇంట్లో మొదటి పదిరోజులూ హాలు నిండా చుట్టాలే. వరసగా చాపలు పరుచుకుని పడుకుంటారు, అర్ధరాత్రి దాకా మాటలు సాగుతాయి. ఆ ఇల్లాలికి నిద్ర పట్టకపోయినా పక్కన మనిషి ఉంటుంది. పెద్దకర్మ అవగానే బస్సులకూ రైళ్లకూ టైమైపోతుంది. అమెరికా నుంచి వచ్చిన కొడుక్కి సెలవు అయిపోతుంది. అసలు కష్టం ఆ రాత్రి మొదలవుతుంది. "పదిరోజులూ బాగానే ఉంది, ఇప్పుడేమిటి ఇలా?" అని ఫోన్లలో అడుగుతారు. ఇప్పుడే ఇలా ఉండడం మామూలేనండి. మొదట్లో కన్నా తర్వాత నిద్ర చెడడం నేను చాలా ఇళ్లలో చూశాను.

తెల్లవారుజామున మూడింటికి మెలకువ రావడం కూడా మామూలే. రాత్రి మొదటి సగంలో నిద్ర గాఢంగా ఉంటుంది. రెండో సగంలో పలచబడుతుంది, కలలు ఎక్కువవుతాయి. తెల్లవారే వేళకి మనల్ని లేపడానికి ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ పెరుగుతుంది. దుఃఖంలో ఉన్న శరీరం అసలే ఉలికిపాటు మీద ఉంటుంది కాబట్టి ఆ పలచటి నిద్ర ఇట్టే తెగిపోతుంది.

ఇంకొకటి. పోయినవాళ్లు పిలిచినట్టు వినిపిస్తుంది, వాకిట్లో చెప్పుల చప్పుడవుతుంది, మంచం పక్కన నిలబడ్డట్టు ఉంటుంది. ఇది చెబితే మనవాళ్లు గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు, లేదా పిచ్చి పడుతోందని భయపడతారు. వేల్స్‌లో డెవీ రీస్ అనే డాక్టరు, భర్తనో భార్యనో పోగొట్టుకున్న 293 మందిని అడిగి 1971లో ఒక వ్యాసం రాశాడు. దాదాపు సగంమందికి ఇలాంటి అనుభవం ఉంది. చాలామంది అంతవరకూ ఎవరికీ చెప్పుకోలేదు. మీ ఇంట్లో ఎవరైనా చెబితే కూర్చుని వినండి. ఆ గొంతు వాళ్లని "నువ్వూ వచ్చెయ్" అంటోందని చెబితే మాత్రం ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

ఇప్పుడు ఒకావిడ సంగతి చెప్పాలి. గుర్తు పట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. భర్తకు పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు. రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే వీపున పుండ్లు పడతాయి. రాత్రిళ్లు ఆ పనంతా ఆవిడదే. అలారం కూడా అక్కర్లేదు, పదకొండు, ఒంటిగంట, మూడు, అయిదు, దానంతటదే మెలకువ వచ్చేసేది. ఆయన పోయాక కూడా అదే వేళలకు లేస్తోంది. "లేచి ఆయన మంచం తడుముతున్నాను డాక్టరుగారూ, తడిమాక గుర్తొస్తోంది" అంది.

జబ్బు మనిషిని చూసుకున్నవాళ్ల నిద్ర ఇలాగే ఉంటుంది. ఆ మెలకువ ఏళ్ల తరబడి ఆవిడ శరీరం నేర్చుకున్న పని. మర్చిపోవడానికి నెలలు పడుతుంది.

ఆ వ్యవధి ఆవిడకు ఎవరూ ఇవ్వలేదు. పన్నెండో రోజునే బంధువొకాయన మెడికల్ షాపు నుంచి ఆల్ప్రజోలం స్ట్రిప్పు తెచ్చి, "అరమిల్లీగ్రామే, ఏం కాదు, వేసుకుని పడుకో" అని చేతిలో పెట్టాడు. నా కడుపుమంట అంతా ఈ స్ట్రిప్పు మీదే. ఈ మందు షెడ్యూల్ హెచ్1లో ఉంది. చీటీ లేకుండా అమ్మకూడదు, కొన్నవాళ్ల పేరూ రాసిన డాక్టరు పేరూ రిజిస్టర్లో ఎక్కించాలి. తెలంగాణలో కల్తీ కల్లులో కలుపుతూ పట్టుబడే మందుల్లో ఇదొకటి. అది మన ఇళ్లలో టెన్షన్ బిళ్ల పేరుతో చేతులు మారుతోంది!

మొదటి రాత్రులు ఆవిడ హాయిగా పడుకుంది. కొన్ని వారాలకు ఒంటికి అలవాటై బిళ్ల పని తగ్గింది. ఒకరాత్రి మానేస్తే మునుపటికన్నా ఘోరంగా మెలకువ, గుండెదడ. దాన్ని ఆవిడ "బిళ్ల లేకపోతే నాకు నిద్ర రాదు" అని అర్థం చేసుకుంది. నిజానికి అది బిళ్ల మానడం వల్ల వచ్చిన మెలకువ. ఏడాది దాటాక ఒకరాత్రి బాత్రూముకు లేచి, మత్తులో కాలు తూలి పడి, మణికట్టు విరిగాక నా దగ్గరికి తెచ్చారు. తుంటి విరగకపోవడం అదృష్టం.

అయ్యా, అమ్మా, మీలో ఎవరింట్లోనైనా ఈ స్ట్రిప్పు ఉంటే ఇవాళ వెళ్లి చెత్తబుట్టలో వేయకండి. చాలాకాలంగా వాడుతున్నవాళ్లు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. ఆవిడకు రెండు మూడు వారాలకోసారి కొద్దికొద్దిగా తగ్గిస్తూ వచ్చాం. నెలలు పట్టింది. నిద్ర చెడిన వారాల్లో అక్కడే ఆగి, కుదుటపడ్డాకే మళ్లీ తగ్గించాం.

ఆవిడ రాత్రి ఎలా గడుస్తోందో కూడా అడిగాను. "రెస్ట్ తీసుకో అమ్మా" అని పిల్లలు ఎనిమిదిన్నరకే పడుకోబెడుతున్నారు. ఆరింటికి లేస్తోంది. మంచం మీద తొమ్మిదిన్నర గంటలు, నిద్ర అయిదు గంటలు. మిగతా సమయమంతా చీకట్లో ఆలోచనలే. అందుకని పడక పదకొండింటికి మార్చాం. రాత్రి ఎలా గడిచినా అయిదున్నరకు లేవాలన్నాం. గోడగడియారం హాల్లోకి మార్చాం. మెలకువ వచ్చి చాలాసేపు నిద్ర పట్టకపోతే లేచి హాల్లో చిన్న లైటు వేసుకుని బట్టలు మడతపెట్టుకోవడం, కళ్లు మూతపడుతుంటే మళ్లీ పక్క మీదకు వెళ్లడం. నిద్ర దొరుకుతున్న కొద్దీ పడకవేళ పావుగంట చొప్పున ముందుకు జరిపాం. ఇది చావు జరిగిన కొత్తలో చేయించాల్సిన పని కాదు. అప్పుడు ఎప్పుడు పడితే అప్పుడు కునుకు తీయనివ్వండి. నెలలు గడిచినా కుదుటపడనప్పుడే ఇది.

ఆయన మంచం తీసేయమని అందరూ ఒత్తిడి చేస్తున్నారు. ఆవిడ ఇష్టం అన్నాను. చెల్లెలు వచ్చి కొన్నాళ్లు అదే గదిలో పడుకుంది. అర్ధరాత్రి ఆవిడ లేస్తే "ఏం అక్కా, మంచినీళ్లు కావాలా?" అనేది, అంతే. పడుకోమని బలవంతపెట్టలేదు. ఆవిడకు ఒంటిగంట మెలకువ ముందు పోయింది, తర్వాత అయిదింటిది. మూడింటి మెలకువ ఇంకా అప్పుడప్పుడూ ఉంది. దాంతో ఆవిడకు ఇబ్బంది లేదు.

మగవాళ్లు బిళ్లకు బదులు క్వార్టర్ పెడతారు. అది త్వరగా పడుకోబెట్టి రెండో సగం నిద్రను చెడగొడుతుంది. బిళ్లా మందూ కలిస్తే ఊపిరే ఆగిపోవచ్చు.

వారానికి మూడు రాత్రులకు తగ్గకుండా మూడు నెలలపాటు నిద్ర చెడితే, ఏడాది గడిచినా దుఃఖం కాస్తయినా తగ్గక రోజువారీ పనులు ఆగిపోతే, చచ్చిపోవాలనిపిస్తే ఆలస్యం చేయకండి. మనసు బాధలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలి మానస్, నంబరు 14416. ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు తీసుకోరు. తెల్లవారుజామున మూడింటికి కూడా చేయవచ్చు.

టీ ఇచ్చేవేళకు నేను ఆ కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంటాను. మీరు వాడుతున్న బిళ్లల పేర్లు, ఎన్నాళ్లుగా వాడుతున్నారో కాగితం మీద రాసి తీసుకురండి. అందరి ముందూ చెప్పక్కర్లేదు.