గోరింటాకు తర్వాత నీలి ఆకు

అందరికీ నమస్కారం. గోరింటాకు పెడితే తెల్ల వెంట్రుకలు ఎర్రబడతాయే తప్ప నల్లబడవు. ఆ ఎరుపు మీద నీలి ఆకు పొడి పెడితే నలుపు వస్తుంది. బజార్లో ఇండిగో పౌడర్ అని అమ్ముతున్నది దీన్నే.

బట్టలకు రంగు అద్దే సహజమైన నీలిమందు కూడా ఈ మొక్కదే. ఒకప్పుడు మన కడప ప్రాంతం నీలిమందుకు పెట్టింది పేరు. అయితే ఆ నీలిమందు తలకు పనికిరాదు. అది అప్పటికే గాలి తగిలి నీలంగా మారిపోయిన రంగు, నీళ్లలో కరగదు, వెంట్రుకలోకి దిగదు. ఆకు పొడిలో రంగు ఇంకా పుట్టలేదు. అందులో ఇండికాన్ అనే పదార్థం ఉంటుంది. నీళ్లు తగలగానే ఆకులోని ఎంజైము దాన్ని విడగొడుతుంది. అలా విడిపోయినది వెంట్రుకలోకి దిగి, అక్కడ గాలి తగిలి నీలం కావాలి. గిన్నెలో ఉండగానే నీలమైపోతే మన కష్టం వృథా.

భుజాల దాకా జుట్టు, సగం నెరిసిన ఒకావిడ సంగతి చూద్దాం. నూనె లేకుండా తలంటుకున్న జుట్టు కావాలి. 100 గ్రాముల గోరింటాకు పొడిని టీ డికాక్షన్‌తో కలిపి రాత్రంతా నాననిచ్చి, పొద్దున పట్టించి, 3 గంటలకు ఉత్త నీళ్లతో కడిగేయాలి. చెంపల దగ్గర తెల్లగా ఉన్నచోట నారింజ రంగు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కనిపించాలి కూడా. ఈ అడుగు లేకుండా తెల్ల జుట్టు మీద నేరుగా నీలి పెడితే నలుపు రాదు, ఆకుపచ్చో నీలమో అంటి ఊరుకుంటుంది.

జుట్టు తడి ఆరాక నీలి పొడి 100 గ్రాములు తీసుకోండి. ఇందులో నిమ్మరసం, పెరుగు, టీ ఏవీ వద్దు. పులుపు తగిలితే రంగు సరిగా పట్టదు. మరిగే నీళ్లు పోస్తే ఎంజైము చచ్చిపోతుంది. గోరువెచ్చని నీళ్లతో గట్టి పెరుగులా కలపండి. చిటికెడు ఉప్పు చాలామంది వేస్తారు, వేయకపోయినా నష్టం లేదు. 10 నిమిషాలు ఆగితే ఆకుపచ్చ ముద్ద మీద నీలి ఛాయ తేలుతుంది. అప్పుడే గ్లవ్స్ వేసుకుని మొదలుపెట్టాలి, 20 నిమిషాల్లో తలంతా అయిపోవాలి. ముందు చెంపలు, పాపిట, ఎందుకంటే అక్కడి తెల్ల వెంట్రుకలు మొండివి. ముద్ద ఎండిపోకుండా ప్లాస్టిక్ కవరు చుట్టి గంటన్నర ఉంచి, నీళ్లతో కడిగేయండి.

అద్దంలో చూసుకోగానే కాస్త ఆకుపచ్చగా కనిపిస్తే టెన్షన్ పడి షాంపూ పెట్టేయకండి. గాలికి రంగు ముదరడానికి రెండు మూడు రోజులు పడుతుంది. షాంపూ అప్పటిదాకా ఆగాలి.

ఇంత నిదానమైన పని కాబట్టే, 20 నిమిషాల్లో నిగనిగలాడే నలుపు ఇచ్చే "హెర్బల్" ప్యాకెట్ చూస్తే నాకు అనుమానం. ఆకు అంత తొందరగా నల్లబరచదు. ఆ పని చేసేది చాలాసార్లు పీపీడీ, అంటే పారా ఫినిలిన్ డయమైన్ అనే డై రసాయనం. బ్లాక్ హెన్నా, కాలీ మెహందీ పేర్లతో అమ్మే పొడుల్లో ఇది కలుస్తుంది. అసలు నీలి పొడి ఎండాకులా ఆకుపచ్చగా ఉంటుంది, తడిపితే పచ్చి ఆకుకూర వాసన వస్తుంది. పొడే నల్లగా ఉన్నా, కలపగానే నల్లబడినా పక్కన పెట్టేయండి. ప్యాకెట్ వెనక చిన్న అక్షరాల్లో ముందుగా చర్మంపై పరీక్షించమని, కనుబొమలకు వాడొద్దని రాసి ఉంటే అది ఉత్త ఆకు కాకపోవచ్చు.

కల్తీ లేకపోయినా పరీక్ష కావాలి. అరుదుగానే అయినా గోరింటాకు, నీలి ఆకు పడనివాళ్లూ ఉన్నారు. మోచేతి మడతలో ఒక చేతికి గోరింటాకు ముద్ద, రెండో చేతికి నీలి ముద్ద రూపాయి బిళ్ళంత పెట్టండి. రెండూ కలిపి పెడితే దురద దేనివల్లో తెలియదు. గంటాగి కడిగి, 48 గంటలు చూడండి. సాయంత్రానికి ఏమీ కాలేదని తలకు పెట్టేయొద్దు, ఈ రకం అలర్జీ రెండో రోజునో మూడో రోజునో బయటపడుతుంది. కొత్త ప్యాకెట్ కొన్న ప్రతిసారీ ఇదే పని, పోయినసారి పడిందన్నది లెక్కలోకి రాదు.

ఇదివరకు ఏ డైతోనైనా కళ్లు వాచినా, తల పుండ్లు పడినా ఇంట్లో ఈ పరీక్ష కూడా చేయొద్దు. పీపీడీ ఒకసారి పడకపోతే సాధారణంగా జీవితాంతం పడదు, కొంచెమే తగిలినా గట్టిగా తిరగబెట్టవచ్చు. ప్యాకెట్ తీసుకుని చర్మ డాక్టరు దగ్గరికి వెళ్ళండి. తలకు పెట్టాక మంట మొదలైతే గంటన్నర కోసం ఆగకుండా వెంటనే కడిగేయండి. ముఖం వాచినా, ఊపిరి అందకపోయినా ఆస్పత్రికే.