విజయనగరంలో మూతపడుతున్న వీణల దుకాణం: చివరి అమ్మకాలు, ఆ తరువాత మన దారి

అందరికీ నమస్కారం. 1919లో సంగీత కళాశాల వెలసిన ఈ విజయనగరంలో ఎన్నో ఏళ్లుగా వీణలు, వయొలిన్లు అమ్ముతూ, బాగుచేస్తూ వచ్చిన మన మాస్టారి దుకాణం ఈ నెల 30న శాశ్వతంగా మూతపడుతోంది. మేళం కట్టడానికి, అంటే వీణ మెట్లను స్వరానికి సరిగ్గా మైనం మీద అమర్చడానికి, చెవితో పాటు వేళ్లూ నిలకడగా ఉండాలని, ఇప్పుడు తన వేళ్లు వణుకుతున్నాయని, సగం పని చేసి పూర్తి డబ్బు తీసుకోవడం తనకు ఇష్టం లేదని ఆయన చెప్పారు. ఇన్నాళ్లూ తనను నమ్మి వాద్యాలను అప్పగించిన ప్రతి ఒక్కరికీ కృతజ్ఞతలు తెలపమని నన్ను కోరారు. ఆ దుకాణంలోనే నా మొదటి వీణ కొన్నాను కనుక ఈ మాట చెబుతుంటే నాకు మనసు భారంగా ఉంది.

చివరి అమ్మకాలు 15 నుంచి 30 వరకు ఉంటాయి. తీగలు, పెట్టెలు, వయొలిన్ కమానులు నిస్సందేహంగా కొనవచ్చు. కొత్త మరమ్మతులు 10వ తేదీ తరువాత తీసుకోరు. ఇదివరకే ఇచ్చినవారు రశీదుతో వచ్చి 30లోపు తీసుకువెళ్లాలి.

వీణ కొనేవారు మాత్రం తొందరపడవద్దు. మిగిలినవాటిలో ఒకదాన్ని నేను వాయించి చూశాను. వాయించే తీగల్లో మొదటిదైన సారణిని ఊరికే మీటి, తరువాత పన్నెండో మెట్టు మీద నొక్కి మీటితే అదే స్వరం పై స్థాయిలో పలకాలి. ఇక్కడ అది కాస్త తగ్గి పలికింది, పక్క మెట్టు దగ్గర తీగ జుమ్మని చప్పుడు చేసింది. ఇరవై నాలుగు మెట్లూ తేనెమైనం మీదే నిలుస్తాయి కాబట్టి, ఎండలకు మైనం మెత్తబడి మెట్టు కదిలినా కుంగినా ఇలాగే వినిపిస్తుంది. మళ్లీ మేళం కట్టిస్తే ఇది సరిపోతుంది గనుక, ఆ ఖర్చు తగ్గించి ధర అడగండి, ఆయన ఒప్పుకుంటున్నారు. కానీ గుండ్రటి కుండా, మెట్లుండే పొడవాటి దండీ కలిసే చోట పగులు కనిపిస్తే, ఎంత తక్కువకు ఇచ్చినా ఆ వీణ వద్దు. తీగల బిగువుకు ఆ పగులు పెరుగుతుంది.

ఇక మీదట వీణ పనికి బొబ్బిలి పక్కనున్న గొల్లపల్లికి వెళ్లమని మాస్టారు స్వయంగా సూచించారు. పనస దుంగను తొలిచి, అతుకు లేకుండా ఏకాండ వీణ చెక్కే కుటుంబాలు అక్కడ ఉన్నాయి, మేళం కూడా వారే కడతారు. విజయనగరం నుంచి బొబ్బిలి వరకు బస్సుకైనా రైలుకైనా వెళ్లవచ్చు. వీణను పెట్టెలో పెట్టి, మైనం కరగకుండా పొద్దున్నే బయలుదేరండి. వెళ్లేముందు ఏ మెట్టు దగ్గర తేడా వస్తోందో కాగితం మీద రాసుకుంటే, అక్కడివారికి పని సులువవుతుంది. వయొలిన్ ఉన్నవారు 30లోపు దుకాణానికి వస్తే, ఎవరి దగ్గరికి వెళ్లాలో మాస్టారే చూసి చెబుతారు.