వచ్చే ఏడాది 11 లక్షలా? ఈరోజు 10 లక్షలే ఎక్కువ!

"అన్నా, కావలి దగ్గర మా స్థలం ఈరోజే 10 లక్షలకి అడుగుతున్నారు. ఏడాది ఆగితే 11 లక్షలు ఇస్తానంటున్నాడు, రిజిస్ట్రేషన్ మాత్రం ఇప్పుడే కావాలంట. లక్ష ఎక్కువ వస్తుంది కదా, ఆగమంటావా?"

ఆగొద్దు తమ్ముడూ. రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు ఉందని నువ్వే రాశావు, అది నెత్తిన పెట్టుకుని ఆగితే నీకు లక్ష రాదు, లక్షకి పైగా పోతుంది. మొన్నటి వీడియో కింద చాలామంది "11 అంటే 10 కంటే ఎక్కువే కదా" అని నాతో గొడవపడ్డారు, వాళ్లందరూ కూడా ఈ లెక్క వినండి.

నూటికి నెలకి రెండు రూపాయలంటే ఏడాదికి 24. ఈరోజు నీ చేతిలో 100 రూపాయలు ఉంటే, అప్పులో 100 తీర్చేస్తావు, వచ్చే ఏడాదికి 124 కట్టే పని తప్పుతుంది. అంటే నీకు వచ్చే ఏడాది 124, ఈరోజు 100, రెండూ ఒకటే. మరి వచ్చే ఏడాది వచ్చే 11 లక్షలు ఈరోజు ఎంత? 11 లక్షల్ని 1.24తో భాగించు. 8 లక్షల 87 వేలు వస్తుంది. అంతే! అతను నీకు 11 అని చెప్పి 8 లక్షల 87 వేలు ఇస్తున్నాడు, పక్కనేమో 10 లక్షల నగదు ఉంది, ఇంకా ఆలోచిస్తున్నావా?

ఇక్కడ చాలామంది ఒక తప్పు చేస్తారు. 11 లక్షల్లోంచి 24 శాతం తీసేస్తారు, 8 లక్షల 36 వేలు అంటారు. అది కాదు. సరిచూసుకోవడం సులువే, వచ్చిన జవాబుకి మళ్లీ 24 శాతం వడ్డీ కలపండి. 8 లక్షల 87 వేలకి కలిపితే 11 లక్షలు వస్తుంది, 8 లక్షల 36 వేలకి కలిపితే 10 లక్షల 37 వేల దగ్గరే ఆగిపోతుంది. తీసేయకూడదు, భాగించాలి. గడువు రెండేళ్లయితే రెండుసార్లు భాగించాలి, అప్పుడు ఆ 11 లక్షలు ఈరోజుకి 7 లక్షల 15 వేలు!

"ధరలు పెరుగుతాయి కాబట్టి రూపాయి విలువ తగ్గుతుంది, అంతేగా" అంటారు కొందరు. అది ఒక కారణం మాత్రమే. ఏడాదంతా బియ్యం ధర పైసా పెరగదనుకోండి, అయినా నీ అప్పు మీద వడ్డీ ఆగుతుందా? ఈరోజు చేతిలో ఉన్న రూపాయి పని చేస్తుంది, వచ్చే ఏడాది రూపాయి ఇంకా పనిలోకే దిగలేదు. అసలు సంగతి అది. మన అల్లూరు, విడవలూరు వైపు రొయ్యల చెరువుల వాళ్లకి ఇది నేను చెప్పాలా? మేత నగదుకి కొంటే ఒక ధర, పంట వచ్చాక కడతానంటే ఇంకో ధర. ఆ తేడా ఎందుకో డీలర్‌కి బాగా తెలుసు. మేత అమ్మేవాడు ఈ లెక్క వేసుకుంటున్నాడు, స్థలం అమ్మే మనం ఎందుకు వేసుకోము? నాకు కోపం వచ్చేది అక్కడే!

అయితే అందరికీ ఒకే జవాబు కాదు, వడ్డీ రేటు ఎవరిది వాళ్లది. అప్పు ఏమీ లేదు, డబ్బు తీసుకెళ్లి బ్యాంకులో 7 శాతానికి వేస్తానంటే, 11 లక్షల్ని 1.07తో భాగించండి, 10 లక్షల 28 వేలు. లెక్క ప్రకారం ఆగడమే మేలు. సరిగ్గా 10 శాతం దగ్గర రెండూ సమానం. నువ్వు కట్టే వడ్డీ 10 దాటితే నగదు తీసుకో.

కానీ ఆ 7 శాతం వాళ్లు కూడా ఒక్క నిమిషం ఆగండి. రిజిస్ట్రేషన్ ఇప్పుడే చేసి డబ్బు ఏడాదికి తీసుకోవడం అంటే ఏంది? నా మాట గట్టిగా చెబుతున్నా, మీరు స్థలం అమ్మడం లేదు, అతనికి 10 లక్షలు అప్పు ఇస్తున్నారు. బ్యాంకులో డిపాజిట్‌కి 5 లక్షల దాకా బీమా ఉంటుంది. ఇతని మాటకి ఏం బీమా ఉంది? అలాంటి అప్పుకి మన ఊళ్లో ఎవరైనా 10 శాతానికి ఇస్తారా? అందుకే బ్యాంకు రేటుతో కాదు, ఊళ్లో అప్పులిచ్చే వడ్డీ రేటుతో భాగించాలి.

తమ్ముడూ, అతను ఏడాది గడువే కావాలంటే ధర తిప్పి చెప్పు. 10 లక్షల్ని 1.24తో గుణిస్తే 12 లక్షల 40 వేలు. అంత రాస్తానంటే మాట్లాడు, అది కూడా డబ్బు మొత్తం చేతికొచ్చాకే రిజిస్ట్రేషన్ అని.