ఎపిసోడ్ 41: ముందు వాక్యం, ఆఖర్న ముక్కలు

రవి: నమస్కారం. నేను రవి, పక్కన సుభద్రక్క. ఇవాళ మూడు సంగతులు చెప్తామని పోయినసారే మాటిచ్చాం. రెండో భాష నేర్పే క్లాసులో కొత్త మాటని సందర్భం నుంచి ఎలా పట్టించాలి, పద కుటుంబం నుంచి, అంటే ఒకే మూలం నుంచి పుట్టిన మాటల నుంచి ఎలా పట్టించాలి, బొమ్మతో ఎలా పట్టించాలి. మూడింటికీ సమానంగా టైం ఇద్దాం అక్కా, పోయినసారిలా కాకుండా.

సుభద్ర: సరే. కానీ సందర్భం అనే ముందు లెక్కపెట్టాలి.

రవి: వచ్చేసింది, యాభైకి ఒకటి.

సుభద్ర: రాక తప్పదు రవీ. పాఠంలో తెలియని మాటలు ఎన్నున్నాయో చూడకుండా "సందర్భాన్ని బట్టి ఊహించండి" అంటే పిల్లలు దేన్ని పట్టుకుని ఊహిస్తారు? చుట్టూ ఉన్న మాటలు తెలిస్తేనే కదా అది సందర్భం! హు, నేషన్ అనే ఇద్దరు పరిశోధకులు కలిసి 2000లో వేసిన పరిశోధన ఉంది. పాఠంలో 80 శాతం మాటలే తెలిసినవాళ్ళలో ఒక్కరికీ కథ సరిగా అర్థం కాలేదు. సాయం లేకుండా చాలామందికి అర్థం కావాలంటే 98 శాతం తెలిసుండాలని తేల్చారు. అంటే యాభై మాటలకి ఒక్కటే కొత్తది.

రవి: క్లాసులో అది ఎలా చూసుకోవాలో చెప్పండి.

సుభద్ర: నూట యాభై మాటల పేరా తీసుకో. ముందురోజే ఇచ్చి తెలియని మాటల కింద గీత గీయమను. ఎక్కువమంది మూడు, నాలుగు గీస్తే ఊహించడానికి పనికొచ్చే పేరా. ఏడెనిమిది దాటితే దాన్ని ఊహకి వాడొద్దు. అర్థాలు తెలుగులో ముందే చెప్పేసి చదివించు, లేదా పేరా మార్చు.

రవి: సరే, లెక్క అయింది. ఇప్పుడు పద కుటుంబాలు. నా వాదన సూటిగా చెప్తాను. కొత్త మాట ఎదురైతే పిల్లవాడు మొదట దాన్ని విడగొట్టి చూడాలి. 'హ్యాపీ' తెలిసినవాడికి 'అన్‌హ్యాపీనెస్' కనిపిస్తే సందర్భం దాకా ఎందుకు? ముందు 'అన్', వెనక 'నెస్', మధ్యలో తెలిసిన మాట. రెండు సెకన్ల పని.

సుభద్ర: తప్పు. విడగొట్టడం ఆఖరి మెట్టు.

రవి: ఆఖరిదా? అంత సులువైన ఆధారం చేతిలో ఉండగా?

సుభద్ర: సులువైనది గనకే ఆఖర్న. క్లార్క్, నేషన్ 1980లో చెప్పిన వరుస అదే. మొదట ఆ మాట ఏ భాషాభాగమో తేల్చాలి. తర్వాత ఆ వాక్యంలోనే ఎవరు, ఎవరిని, ఏం చేశారో చూడాలి. తర్వాత ముందు వాక్యం, వెనక వాక్యం. అప్పుడు ఊహించాలి. ఊహ కుదిరిందో లేదో సరిచూసేటప్పుడు మాత్రమే మాటని ముక్కలు చెయ్యాలి.

రవి: కారణం?

సుభద్ర: ముక్కల నుంచి ఒక అర్థం దొరికిందంటే పిల్లవాడు ఇక దాన్ని వదలడు. వాక్యాన్నే దానికి తగ్గట్టు వంచేస్తాడు. ఒక వాక్యం తీసుకుందాం. "ద ప్లాన్ వాజ్ గుడ్, బట్ ఇట్స్ షార్ట్‌కమింగ్స్ వర్ క్లియర్, సో ద కౌన్సిల్ రిజెక్టెడ్ ఇట్." నీ పద్ధతిలో చెయ్యి.

రవి: షార్ట్ అంటే పొట్టి, కొద్ది. కమింగ్ అంటే రావడం. కొద్దిసేపు రావడం... చుట్టపుచూపు.

సుభద్ర: అదీ! బాటియా లాఫర్ అనే పరిశోధకురాలు రాసింది కూడా ఇలాంటి పొరపాటు గురించే. ఆవిడ చూసిన విద్యార్థులు 'షార్ట్‌కమింగ్స్' అంటే కొద్దిసేపటి రాకపోకలు అనుకున్నారు, 'ఔట్‌లైన్' అంటే లైను దాటిపోవడం అనుకున్నారు. పైకి తేటగా కనిపించి మోసం చేసే మాటలివి. ఇప్పుడు ఆ అర్థం పెట్టుకుని వాక్యం మొత్తం చెప్పు.

రవి: ప్లాన్ బాగుంది, కానీ... వాళ్ళు ఎప్పుడో ఒకసారి వచ్చిపోతున్నారని తెలిసిపోయింది, అందుకని కౌన్సిల్ వద్దంది.

సుభద్ర: చూశావా? 'వాళ్ళు' ఎక్కణ్ణుంచి వచ్చారు? వాక్యంలో లేరు. తప్పు అర్థాన్ని నిలబెట్టడానికి నువ్వే మనుషుల్ని తెచ్చావు. పిల్లలూ సరిగ్గా ఇదే చేస్తారు. ఊహ దారి తప్పిందని గుర్తు పట్టడానికి అదే ఆనవాలు: వాక్యంలో లేనివాళ్ళు అర్థంలోకి వస్తారు.

రవి: ఒప్పుకుంటాను, ఇది గట్టి ఉదాహరణ. మీ వరుసలో నడిపించండి.

సుభద్ర: చివరి 'స్' మాత్రం కనిపించేలా మాట మీద వేలు పెట్టి మూసెయ్యమను. మొదటి మెట్టు: ముందు 'ఇట్స్' ఉంది, చివర 'స్' ఉంది, కాబట్టి నామవాచకం, బహువచనం. ప్లాన్‌కి ఉన్నవేవో అన్నమాట. రెండో మెట్టు: అవి ఏమయ్యాయి? క్లియర్‌గా కనిపించాయి. మూడో మెట్టు: 'బట్'కి ముందు మంచిమాట ఉంది, కాబట్టి వెనకది చెడ్డదై ఉండాలి. 'సో' తర్వాత తిరస్కరించారు, కాబట్టి ఆ చెడ్డదే తిరస్కరించడానికి కారణం. ఒక ప్లాన్‌కి ఉండి, పైకి కనిపించి, దాన్ని తిరస్కరించేలా చేసేవి ఏవి?

రవి: లోపాలు.

సుభద్ర: ఇప్పుడు వేలు తియ్యమను. మూడు రకాలుగా సరిచూడాలి. మాట నామవాచకం, ఊహ కూడా నామవాచకమే, కుదిరింది. వాక్యంలో ఆ మాట తీసి 'లోపాలు' పెడితే వాక్యం నడిచింది. ఇక ముక్కలు: రావలసినంత దూరం రాకుండా తక్కువలో ఆగిపోవడం. మన 'కొరవడటం' లాంటిదే. ఇందాక చుట్టపుచూపు అన్న ముక్కలే ఇప్పుడు లోపానికి సాక్ష్యం చెప్తున్నాయి.

రవి: బాగుంది. కానీ అక్కా, ఒక్క మాటకి ఇన్ని మెట్లంటే ఐదు నిమిషాలు పోయాయి. క్లాసు నలభై నిమిషాలే.

సుభద్ర: అందుకే రోజుకి ఒకటి, మహా అయితే రెండు మాటలు. మిగతావాటికి తెలుగులో అర్థం చెప్పి ముందుకెళ్ళు. ఇక్కడ నేర్పేది ఆ ఒక్క మాటని కాదు, ఆ నడకని.

రవి: అయినా నేను పూర్తిగా వదలను. షార్ట్‌కమింగ్స్ రెండు మాటలు అతుక్కున్న మాట. అతుకుమాటలు మోసం చేస్తాయి, ఒప్పుకుంటాను. తెలుగు నేర్చుకునేవాడికి 'చేతివాటం' కూడా అంతే. చేతులు తెలుసు, వాటం తెలుసు, అయినా అది చిల్లర దొంగతనమని ఎలా తెలుస్తుంది? కానీ ప్రత్యయాల సంగతి వేరు. మూలం తెలిసి, ప్రత్యయం మామూలుదైతే ముందు విడగొట్టడంలో తప్పేముంది?

సుభద్ర: 'హార్డ్' తెలుసా?

రవి: తెలుసు, కష్టం.

సుభద్ర: 'లీ' అనే ప్రత్యయం?

రవి: అది... ఆగండి.

సుభద్ర: "హీ హార్డ్‌లీ వర్క్డ్."

రవి: కష్టపడి పనిచేశాడు అంటారు.

సుభద్ర: అసలు అర్థం దాదాపు పనే చెయ్యలేదని. పూర్తిగా తిరగబడింది. మూలం తెలిసినదే, ప్రత్యయం అందరికీ అలవాటైనదే. 'లేట్‌లీ' కూడా అంతే, ఆలస్యంగా కాదు, ఈమధ్య.

రవి: [కాస్త ఆగి] దీనికి నా దగ్గర జవాబు లేదు.

సుభద్ర: నువ్వు చెప్పిన 'అన్‌హ్యాపీనెస్' లాంటివే ఎక్కువ. కాదనను. కానీ ఏది మోసం చేస్తుందో, ఏది చెయ్యదో నేర్చుకునేవాడికి ముందే తెలియదు. వాక్యం ముందు, ముక్కలు తర్వాత అంటే రెండు రకాలకీ ఒకే వరుస సరిపోతుంది.

రవి: మరి పద కుటుంబాన్ని క్లాసులో ఎక్కడ పెట్టమంటారు? పక్కన పారెయ్యలేం కదా.

సుభద్ర: అయ్యో, పారెయ్యడమేంటి! అర్థం తేలాక పెట్టు. రాయడానికి, మాట్లాడటానికి అది కావాలి. 'డిసైడ్' తెలిసినవాడు చదివేటప్పుడు 'డెసిషన్'ని పోల్చుకోవచ్చు. కానీ రాయమంటే రాయలేడు. పోల్చుకోవడం, రాయడం ఒకటి కాదు.

రవి: అక్కడ నాలుగు గళ్ళ పట్టిక మంచిది. నామవాచకం, క్రియ, విశేషణం, క్రియావిశేషణం. డెసిషన్, డిసైడ్, డిసైసివ్, డిసైసివ్‌లీ. అయితే చాలామంది టీచర్లు నాలుగు గళ్ళూ నిండాల్సిందే అంటారు. అప్పుడు పిల్లలు లేని మాటలు పుట్టిస్తారు, 'డిసైడ్‌మెంట్' అని. గడి ఖాళీగా ఉండొచ్చని ముందే చెప్పాలి. మొదటి రోజు రెండు గళ్ళు చాలు, క్రియ, నామవాచకం. రెండింటికీ ఒక్కో వాక్యం రాయించాలి, ఎందుకంటే మాట మారితే పక్కమాటలూ మారతాయి. 'డిసైడ్ టు గో' అంటాం, కానీ 'మేక్ ఎ డెసిషన్'. ఆ 'మేక్' పట్టికలో కనిపించదు.

సుభద్ర: ఇది నాకు నచ్చింది. మూడో గడి, నాలుగో గడి వారం తర్వాత, అదే మాట మరో పేరాలో తగిలినప్పుడు. ఆ పేరా కూడా—

రవి: యాభైకి ఒకటి.

సుభద్ర: [నవ్వు] అంతే.

రవి: అక్కా, బొమ్మలకి నాలుగు నిమిషాలే మిగిలాయి.

సుభద్ర: త్వరగా చెప్పేద్దాం. ఒక మాటకి ఒకే బొమ్మ పెట్టొద్దు. 'లీన్' అనే మాటకి గోడకి ఆనుకున్న మనిషి బొమ్మ చూపిస్తే, ఒకరు గోడ అంటారు, ఒకరు నిలబడటం అంటారు, ఒకరు ఎదురుచూడటం అంటారు. బొమ్మలో అన్నీ ఉన్నాయి కదా.

రవి: మరి ఎన్ని?

సుభద్ర: మూడు, వాటికి ఎదురుగా ఒకటి. గోడకి ఆనుకున్న మనిషి, చెట్టుకి ఆనించిన నిచ్చెన, స్తంభానికి ఆనించిన సైకిలు. మనిషీ గోడా మారిపోయినా ఆనుకోవడం మారలేదు. నాలుగోది అదే గోడ పక్కన నిటారుగా నిలబడ్డ మనిషి, దాని కింద 'కాదు' అని. అప్పుడు మిగిలేది ఆనుకోవడం ఒక్కటే.

రవి: పాఠం పక్కన బొమ్మ ఉంటే పిల్లలు మాట చదవకుండా బొమ్మ చూసే జవాబు చెప్పేస్తారు. అది ఎలా ఆపాలి?

సుభద్ర: మొదటిసారి బొమ్మ మూసి చదివించు. ఊహ నోటుబుక్కులో రాశాక బొమ్మ తెరువు. సరిచూసే మెట్టులో ముక్కలతో పాటు బొమ్మ కూడా ఒక సాక్షి. మర్నాడు బొమ్మ లేకుండా అదే మాటని వేరే వాక్యంలో ఇవ్వు. అప్పుడు తెలియకపోతే నిన్న గుర్తుపట్టింది బొమ్మని, మాటని కాదు.

రవి: బొమ్మ గీయలేని మాటలో? 'ఆల్దో'కి ఏం గీస్తాం?

సుభద్ర: ఏమీ గీయం. దానికి రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టాలి, ఒకదాంట్లో 'బికాజ్', ఇంకోదాంట్లో 'ఆల్దో', మిగతా సగం మాత్రం—

రవి: అక్కా, టైమైపోయింది.

సుభద్ర: మిగతా సగం మాత్రం రెండింట్లోనూ ఒకటే ఉండాలి. రాసుకో, వచ్చేసారి అక్కణ్ణుంచే.